దూరపు టవర్, చిన్న కోణం: అర డిగ్రీ తేడా వస్తే ఏమవుతుంది?

ప్రశ్న: మా మేడ మీంచి దూరంగా ఒక టవర్ కనిపిస్తుంది. దాని ఎత్తు 90 మీటర్లని తెలుసు. కోణమానినికి స్ట్రా అంటించి, దారానికి చిన్న బరువు కట్టి ఊర్ధ్వకోణం కొలిచాను. మొదటిరోజు 3 డిగ్రీలు వచ్చింది, దూరం 1717 మీటర్లు తేలింది. మర్నాడు అదే చోట నిలబడి కొలిస్తే 2.5 డిగ్రీలు, దూరం 2061 మీటర్లు. మ్యాప్‌లో చూస్తే 1600 మీటర్లే ఉంది. ఎక్కడ తప్పు చేశాను? ఎత్తు తెలియని టవర్‌కైతే రెండు చోట్ల నుంచి కోణాలు కొలిస్తే సరిపోతుందా?

సమాధానం:

మీ లెక్కలో తప్పు లేదు. ఎత్తును tan విలువతో భాగించారు, రెండుసార్లూ సరిగ్గానే భాగించారు. తప్పు ఆ లెక్కలోకి వెళ్లిన రెండు అంకెల్లో ఉంది. ఒకటి ఎత్తు, రెండోది కోణం. ఎత్తులోని తప్పు రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని సరిదిద్దడం తేలిక. కోణంలోని తప్పు కొలిచిన ప్రతిసారీ మారుతుంది. అసలు పని దానితోనే.

ముందు ఎత్తు సంగతి. లంబకోణ త్రిభుజం టవర్ అడుగు నుంచి మొదలుకాదు, మీ కంటి మట్టం నుంచి మొదలవుతుంది. మేడ ఎత్తు, దాని మీద నిలబడిన మీ కంటి ఎత్తు కలిపి 10 మీటర్లు అనుకుందాం. టవర్ నిలబడిన నేల, మీ ఇల్లున్న నేల ఒకే మట్టంలో ఉంటే, ఆ కోణానికి ఎదురుగా ఉన్న భుజం 90 కాదు, 80 మీటర్లు. ఇప్పుడు మీ కోణాలతోనే మళ్లీ లెక్క వేయండి. 3 డిగ్రీలకు 1526 మీటర్లు, 2.5 డిగ్రీలకు 1832 మీటర్లు వస్తాయి. మ్యాప్ చెప్పిన 1600 ఈ రెండింటి మధ్యకు వచ్చింది. 1600 మీటర్ల దూరంలో 80 మీటర్ల ఎత్తుకు రావాల్సిన అసలు కోణం 2.86 డిగ్రీలు. మీరు ఒకరోజు కాస్త ఎక్కువగా, ఒకరోజు కాస్త తక్కువగా చదివారు, అంతే.

ఆ "కాస్త" ఇంత తేడా ఎందుకు తెచ్చిందో చూద్దాం. పాఠ్యపుస్తకంలో లెక్కలన్నీ 30, 45, 60 డిగ్రీలతో ఉంటాయి. 45 డిగ్రీల దగ్గర అర డిగ్రీ తప్పు చదివినా దూరంలో రెండు శాతం కూడా తేడా రాదు. చిన్న కోణాల దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ tan విలువ దాదాపు కోణంతో సమానంగా పెరుగుతుంది, కాబట్టి కోణంలో ఎంత శాతం తప్పు ఉంటే దూరంలోనూ అంత శాతం తప్పు వస్తుంది. 2.86 డిగ్రీల్లో అర డిగ్రీ అంటే సుమారు 17 శాతం. నిజమైన దూరం 1600 అయినప్పుడు, అర డిగ్రీ ఎక్కువ చదివితే 1360, అర డిగ్రీ తక్కువ చదివితే 1940 వస్తుంది. ఎన్ని దశాంశ స్థానాల వరకు భాగించినా ఈ తేడా పోదు. అందుకే దూరపు వస్తువులకు కోణాన్ని డిగ్రీలో పదో వంతు వరకైనా పట్టుకోగలమా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

మీ పరికరం ఎంతవరకు పట్టుకోగలదో చూడండి. బడి పెట్టెలో దొరికే కోణమానిని వ్యాసార్ధం సుమారు 5 సెంటీమీటర్లు. దాని అంచున ఒక డిగ్రీ అంటే ఒక మిల్లీమీటరు కూడా లేదు, 0.87 మిల్లీమీటర్లు. అర డిగ్రీ అంటే దాదాపు మీ దారం మందమంత. దారం గీత మీద ఉందా, గీతకు ఈ పక్కన ఉందా అని మీరు ఆలోచిస్తున్నారంటే అప్పటికే అర డిగ్రీ అటూఇటూ అయిపోయినట్టే. దారం కోణమానిని ప్లాస్టిక్‌కు ఆనుకుని అంటుకుపోవడం ఇంకో ఇబ్బంది. పరికరం కొద్దిగా పక్కకు వాలినా దారం దాని ముఖం మీద రాసుకుంటూ ఆగాల్సిన చోటికి ముందే ఆగిపోతుంది. మేడ మీద గాలి ఉంటే బరువు ఊగుతూనే ఉంటుంది. బరువును ఒక గ్లాసు నీళ్లలో మునిగేలా వేలాడదీస్తే ఊగడం చాలావరకు ఆగుతుంది. దీని కోసం పరికరాన్ని చేత్తో పట్టుకోకుండా పిట్టగోడకో స్టాండుకో బిగించాలి.

దారం కంటే స్ట్రా ఎక్కువ మోసం చేస్తుంది, చాలామంది దీన్ని గమనించరు. 5 మిల్లీమీటర్ల బోలు ఉన్న, 20 సెంటీమీటర్ల పొడవున్న స్ట్రా తీసుకోండి. అందులోంచి చూస్తున్నప్పుడు కన్ను ఈ చివర పై అంచున ఉండి, టవర్ కొస ఆ చివర కింది అంచున కనిపించవచ్చు. దీనికి సరిగ్గా వ్యతిరేకంగానూ జరగవచ్చు. మధ్యరేఖ నుంచి ఒక్కో వైపుకు 1.4 డిగ్రీల దాకా పక్కకు పోయే అవకాశం ఉంది. మీకు "టవర్ కొస స్ట్రాలో కనిపిస్తోంది" అనే అనిపిస్తుంది, కోణం మాత్రం ఎక్కడో ఉంటుంది. స్ట్రా వాడాల్సి వస్తే ఆ చివర సన్నని దారాలు రెండు అడ్డంగా, నిలువుగా అంటించండి. కంటి వైపు చివరను నల్ల కాగితంతో మూసి, మధ్యలో సూదితో బెజ్జం పెట్టండి. బెజ్జంలోంచి చూస్తూ దారాలు కలిసే చోటికి టవర్ కొస వచ్చినప్పుడే చదవండి. ఈ ఒక్క మార్పుతోనే మీ రెండు రోజుల కొలతలు చాలా దగ్గరికి వస్తాయి.

అవి దగ్గరికి వచ్చినంత మాత్రాన సరైనవని అనుకోకండి. స్ట్రాను సున్నా గీతకు సరిగ్గా సమాంతరంగా అంటించకపోతే ప్రతి కొలతలోనూ ఒకే తప్పు కలుస్తుంది. పది సార్లు కొలిచి సగటు తీసినా అది అలాగే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి సర్వేయర్లు ఎన్నాళ్లుగానో వాడే పద్ధతి ఒకటుంది, దానికి రసమట్టం కూడా అక్కర్లేదు. ఎదురెదురుగా 15, 20 మీటర్ల దూరంలో ఉన్న రెండు గోడల మీద కంటి ఎత్తులో ఒక్కో గుర్తు పెట్టండి. రెండూ ఒకే మట్టంలో లేకపోయినా ఫరవాలేదు. పరికరాన్ని మొదటి గుర్తుకు ఆనించి రెండోదాన్ని చూడండి, పైకి అయితే ప్లస్, కిందికి అయితే మైనస్ రాసుకోండి. తర్వాత రెండో గుర్తు దగ్గర పెట్టి మొదటిదాన్ని చూడండి. పరికరం సరిగ్గా ఉంటే ఒకటి ఎంత ప్లస్ అయితే రెండోది అంత మైనస్ రావాలి. ఒకవైపు +1.2, రెండోవైపు -0.4 వచ్చిందనుకోండి. రెండూ కలిపితే 0.8, అందులో సగం 0.4. అంటే మీ పరికరం ప్రతిసారీ 0.4 డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది. ఇక మీద ప్రతి కొలతలోంచి 0.4 తీసేస్తే చాలు. ఫోన్‌లో వంపు చూపించే యాప్ వాడేవాళ్లు కూడా ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. తెర మీద పదో వంతు డిగ్రీ వరకు అంకె కనబడుతుంది కదా అని నమ్మేస్తారు, లోపలి సెన్సర్ సున్నా మాత్రం ఎక్కడో ఉండవచ్చు.

ఇంతవరకు మీ పద్ధతినే బాగుచేయడం గురించి చెప్పాను. టవర్ ఎత్తు తెలిసినప్పుడు నేనైతే క్షితిజ సమాంతర రేఖ నుంచి కొలవడమే మానేస్తాను. తంటా అంతా ఆ కనిపించని రేఖ దగ్గరే ఉంది. కంటి మట్టం, నేల మట్టం, దారం, సున్నా తప్పు, అన్నీ దాన్ని కనిపెట్టడానికే. దాని బదులు టవర్ అడుగు నుంచి కొస వరకు మీ కంటికి ఎంత కనిపిస్తుందో నేరుగా కొలవండి. ఒక మీటరు పొడవున్న తిన్నని కర్ర తీసుకుని, దాని ఆ చివర స్కేలును నిలువుగా బిగించండి. ఈ చివరను కంటి కింద బుగ్గ ఎముకకు ఆనించి, కర్రను పిట్టగోడ మీద కదలకుండా ఉంచండి. టవర్ కొస స్కేలు మీద ఎక్కడ పడింది, అడుగు ఎక్కడ పడింది, ఈ రెంటి మధ్య ఎన్ని మిల్లీమీటర్లు అన్నదే కావాల్సింది. కంటి దగ్గర చిన్న త్రిభుజం, టవర్ దాకా పెద్ద త్రిభుజం, రెండూ సరూపాలు. కాబట్టి

d = h × L / s

ఇందులో h టవర్ మొత్తం ఎత్తు, L కంటి నుంచి స్కేలుకు దూరం, s స్కేలు మీద టవర్ ఆక్రమించిన పొడవు. tan అవసరం కూడా రాలేదు, ఎందుకంటే s/L అన్నదే మనకు కావాల్సిన tan పని చేసిపెడుతుంది. మీరు మేడ మీద ఉన్నా, నేల మీద ఉన్నా, మీ నేల టవర్ నేల కంటే ఎత్తులో ఉన్నా ఈ లెక్క మారదు. 90 లోంచి ఏమీ తీసివేయక్కర్లేదు.

ఇందులోనూ జాగ్రత్త పడాల్సిన అంకె ఒకటుంది, అది L. కర్ర మీటరు ఉన్నంత మాత్రాన కన్ను స్కేలుకు మీటరు దూరంలో ఉండదు. కర్ర ఆనిన చోటికి కన్ను కాస్త ముందో వెనకో ఉంటుంది. రెండు సెంటీమీటర్ల తేడా రెండు శాతం తప్పు తెస్తుంది. టేపుతో కంటి దాకా కొలవడం కష్టం కాబట్టి దాన్ని కూడా తెలిసిన వస్తువుతోనే తేల్చుకోవాలి. 2 మీటర్ల పొడవున్న కర్రను గోడకు నిలువుగా ఆనించి, టేపుతో కొలిచి దాని నుంచి సరిగ్గా 40 మీటర్ల దూరంలో నిలబడి చూడండి. L కచ్చితంగా 1000 మిల్లీమీటర్లయితే స్కేలు మీద 50 మిల్లీమీటర్లు కనిపించాలి. మీకు 49 కనిపించిందనుకుందాం. అప్పుడు మీ అసలు L, 49 × 40 / 2, అంటే 980 మిల్లీమీటర్లు. ఆ అంకెను కర్ర మీదే రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మేడ ఎక్కి టవర్‌ను చూడండి. 55 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే దూరం 90 × 980 / 55, అంటే సుమారు 1604 మీటర్లు. చదవడంలో ఒక మిల్లీమీటరు పొరపాటు పడి 54 రాసుకుంటే 1633, 56 రాసుకుంటే 1575 వస్తుంది. కోణమానినితో దూరం వందల మీటర్లు మారిపోయింది. ఇక్కడ మిల్లీమీటరుకు 30 మీటర్లే. చేతిలో ఉన్నది మాత్రం ఒక కర్ర, ఒక స్కేలు.

చూసేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. కన్ను టవర్ మీద నిలిస్తే స్కేలు గీతలు మసకబారతాయి, స్కేలు మీద నిలిస్తే టవర్ మసకబారుతుంది. నల్ల కాగితానికి సూది బెజ్జం పెట్టి అందులోంచి చూస్తే రెండూ ఒకేసారి చదవగలిగేంత స్పష్టంగా కనిపిస్తాయి. వెలుతురు తక్కువగా ఉంటే ఇది కుదరదు, కాబట్టి ఎండ బాగా ఉన్న వేళ చూసుకోండి. గీతలు చదవడానికి ఇబ్బందైతే స్కేలు మీద జరిపే కాగితం ముక్కలు రెండు తగిలించి, ఒకదాని అంచును కొసకు, రెండోదాని అంచును అడుగుకు సరిపెట్టండి. తర్వాత కర్ర దించి తీరిగ్గా వాటి మధ్య దూరం కొలవండి. నేను ఎక్కువగా ఇలాగే చేస్తాను, చదివేటప్పుడు టెన్షన్ ఉండదు.

టవర్ అడుగు చెట్ల వెనకో ఇళ్ల వెనకో దాక్కుంటే ఎలా అని అడుగుతారు. చాలా టవర్లకు దూరం నుంచి విమానాలకు కనబడేలా ఎరుపు తెలుపు పట్టీలు వేస్తారు, అవి సాధారణంగా సమాన వెడల్పుతో ఉంటాయి. మీ టవర్‌కు మొత్తం ఏడు పట్టీలు ఉండి, కింది రెండూ కనబడకపోతే, కనిపించే అయిదు పట్టీల ఎత్తు 90 లో ఏడింట అయిదు వంతులు, అంటే 64.3 మీటర్లు. అప్పుడు స్కేలు మీద సుమారు 39 మిల్లీమీటర్లు కనిపిస్తాయి, లెక్క అదే విధంగా చేస్తే దూరం దాదాపు 1616 వస్తుంది. పట్టీలు నిజంగా సమానంగా ఉన్నాయో లేదో కనిపించేవాటిని స్కేలు మీద ఒక్కొక్కటిగా కొలిచి చూసుకోండి. మొత్తం ఎన్ని పట్టీలో మాత్రం దగ్గరికి వెళ్లిన రోజు లెక్కపెట్టుకోవాలి. "90 మీటర్లు" అన్నది కొస మీది సన్నని పిడుగు కడ్డీతో కలిపా, కలపకుండానా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆ కడ్డీ ఇంత దూరం నుంచి కంటికి ఆనదు, మీరు కొస అనుకునేది దాని కింది చట్రమే అవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఎత్తు తెలియనప్పుడు రెండు చోట్ల నుంచి కోణాలు కొలిచే సూత్రం పాఠ్యపుస్తకంలో బాగానే ఉంటుంది. టవర్ వైపు x దూరం నడిచి, కోణాలు α, β అయితే

h = x / (cot α − cot β)

అని రాస్తాం. ఇక్కడ α మొదటి చోట కొలిచిన కోణం, β నడిచాక కొలిచినది, h కంటి మట్టం నుంచి టవర్ కొస వరకు ఉన్న ఎత్తు. మొదటి చోటి నుంచి టవర్‌కు దూరం h × cot α. దూరం ఎక్కువైనప్పుడు ఇది ఎంత బలహీనమో మీ టవర్‌తోనే చూపిస్తాను. 1600 మీటర్ల దగ్గర అసలు కోణం 2.86. అదే కంటి మట్టంలో 100 మీటర్లు ముందుకు నడిచి, 1500 మీటర్ల దగ్గర చూస్తే 3.05. రెండు కోణాల మధ్య తేడా డిగ్రీలో అయిదో వంతు కూడా లేదు. మీ పరికరం పదో వంతు వరకు చదవగలదనుకుందాం, అది చాలా మంచి పరికరమే. 2.9, 3.1 అని చదివితే దూరం 1547 వస్తుంది, బాగానే ఉంది. రెండోది 3.0 అని చదివితే దూరం దాదాపు 3000 అవుతుంది. మొదటిది 2.8, రెండోది 3.1 అయితే 1030 కి పడిపోతుంది. అంటే ఒక్క పదో వంతు డిగ్రీ అటూఇటూ అయితే జవాబు ఒక కిలోమీటరు నుంచి మూడు కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. అసలు కోణాల్లో తప్పు చిన్నదే. రెండు కోణాల తేడాతో పోలిస్తే అది పెద్దది.

ఇది బాగుపడాలంటే చాలా దూరం నడవాలి. 800 మీటర్లు, అంటే సగం దూరం నడిస్తే రెండో కోణం 5.7 అవుతుంది. 2.9, 5.7 అని చదివితే దూరం 1625, 2.8, 5.8 అని చదివినా 1543. ఇప్పుడు ఫలితం నిలకడగా ఉంది. ఆ నడిచే 800 మీటర్లూ నేరుగా టవర్ దిక్కునే ఉండాలి, రెండో చోటు మొదటి చోటి కంటి మట్టంలోనే ఉండాలి. మేడ మీంచి చూసి, తర్వాత రోడ్డు మీద నిలబడి చూస్తే పది మీటర్ల తేడా నేరుగా లెక్కలోకి వచ్చేస్తుంది. దాన్ని విడిగా కొలిచి సరిచేయాలి.

అందుకే దూరం కోసం సర్వేయర్లు నిలువు కోణం మీద ఆధారపడరు. వాళ్లు పక్కకు జరిగి అడ్డ కోణాలతో దూరం తేలుస్తారు, ఊర్ధ్వకోణాన్ని ఎత్తు కోసం వాడతారు. 1849, 1850 ప్రాంతంలో భారత సర్వే వాళ్లు మైదానం నుంచి, 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎవరెస్ట్ శిఖరాన్ని చూసినప్పుడు కూడా ఇదే వరస. ముందు కొలిచిన ఆధారరేఖల మీది త్రిభుజాలతో దూరం, ఆ తర్వాత నిలువు కోణంతో ఎత్తు. 1856 లో ప్రకటించిన 29,002 అడుగులు ఇప్పటి 8848.86 మీటర్లకు 30 అడుగుల తేడాలోనే ఉంది.

మీరు కూడా అదే కర్రతో చేయవచ్చు, స్కేలును అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు. టవర్ వెనక చాలా దూరంలో ఉన్న కొండ కొసో, మరో గుర్తో టవర్‌తో ఒకే వరసలో కనిపించే చోటు వెతకండి. అక్కడి నుంచి ఆ వరసకు లంబంగా 200 మీటర్లు పక్కకు నడవండి. ఇప్పుడు టవర్, కొండ విడిపోయి కనిపిస్తాయి. కొండ అనంత దూరంలో ఉంటే ఆ ఎడం 980 మిల్లీమీటర్ల దగ్గర 122 మిల్లీమీటర్లకు పైగా ఉంటుంది, దూరం 200 × 980 / 122.5, అంటే 1600. అదే కొండ 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే అది కూడా కొద్దిగా జరుగుతుంది, ఎడం సుమారు 116 కి తగ్గి జవాబు 1690 వస్తుంది. కొండ దూరం మ్యాప్‌లో చూసి, 200 × 980 / 30000, అంటే ఆరున్నర మిల్లీమీటర్లు తిరిగి కలిపితే సరిపోతుంది. ఇందులో టవర్ ఎత్తుతో పని లేదు, మీ కంటి మట్టంతోనూ పని లేదు. దూరం తేలాక, పట్టీల దగ్గరో కొస దగ్గరో ఒక ఊర్ధ్వకోణం కొలిచి ఎత్తు కూడా తెలుసుకోవచ్చు.

భూమి వంపు గురించి చాలామంది భయపడతారు. 1.6 కిలోమీటర్ల దగ్గర అది 20 సెంటీమీటర్లే, మీ కొలతలో కనబడదు. 10 కిలోమీటర్లకు అది దాదాపు 8 మీటర్లు, గాలిలో కాంతి వంగడం వల్ల అందులో సుమారు ఏడో వంతు తగ్గి 7 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంత దూరపు 90 మీటర్ల టవర్‌ను సమాంతర రేఖ నుంచి ఊర్ధ్వకోణంతో కొలుస్తుంటే, కంటి మట్టంతో పాటు దాన్ని కూడా ఎత్తులోంచి తీసేసి లెక్కలోకి దిగండి.